ఎస్సేలో మూసీ ఉందా, ఏదో ఒక వరద ఉందా?

"డిగ్రీ సెకండియర్ వాళ్ళకి 1908 మూసీ వరదల మీద ఎస్సే రాయమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు ఏఐతో రాయించినట్టే అనిపిస్తోంది, కానీ చేతిలో రుజువు లేదు. ఒక డిటెక్టర్ తొంభై శాతం అంటుంది, అదే పేజీకి ఇంకోటి పది శాతం అంటుంది. కేవలం చదివి ఎలా పట్టుకోవాలి సర్? హైదరాబాద్‌లోనే హిస్టరీ లెక్చరర్‌గా కొత్తగా చేరాను."

ముందు ఆ డిటెక్టర్లను పక్కన పెట్టేయండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్ళే తమ సొంత డిటెక్టర్ సరిగా పట్టుకోలేకపోతోందని 2023 జూలైలో తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ కోసం రాసిన ఎస్సేలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, మనుషులు రాసిన ఆ ఎస్సేల్లో సగటున సగానికి పైగా మెషీన్ రాసినవే అని తేల్చాయి. తర్వాత ఏ మాట వస్తుందో సులువుగా ఊహించగలిగితే అది మెషీన్ రాత అని అవి లెక్క వేసుకుంటాయి, వచ్చిన నాలుగు మాటలతో జాగ్రత్తగా రాసే పిల్లల వాక్యాలు కూడా అలాగే ఉంటాయి కదా. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి, డిగ్రీలో కష్టపడి ఇంగ్లీషులో రాస్తున్న పిల్లలు మన క్లాసుల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ శాతాలు చూపించి వాళ్ళని నిలదీయడం అన్యాయం అవుతుంది.

మీకున్న అసలు బలం మీకు ఆ సబ్జెక్టు తెలియడం. భాష ఎంత నున్నగా ఉంది, స్పెల్లింగులు ఎంత బాగున్నాయి అనేది వదిలేసి, ఒక్కో వాక్యం ఏం చెబుతోంది, అది ఈ ఒక్క సంఘటన గురించే చెప్పగలిగిన మాటేనా అని చూడండి. నాకు వచ్చిన ఒక ఎస్సేలో పేరా ఇలా ఉంది, మీకు వచ్చినవాటిలోనూ దీనికి అన్నదమ్ములు కనిపిస్తారు:

"1908లో సంభవించిన మూసీ వరదలు హైదరాబాద్ చరిత్రలో మరువలేని విషాద ఘట్టం. భారీ వర్షాలు, సరైన డ్రైనేజీ వ్యవస్థ లేకపోవడం, ప్రణాళిక లేని పట్టణీకరణ వంటి అనేక కారణాలు ఈ విపత్తుకు దారితీశాయి. వేలాది మంది ప్రాణాలు కోల్పోగా, నగర ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక జీవనంపై దీర్ఘకాలిక ప్రభావం పడింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దూరదృష్టితో వెంటనే స్పందించి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సహకారంతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలను నిర్మించారు. ఈ చర్యలు ఆధునిక హైదరాబాద్‌కు బలమైన పునాది వేశాయి."

చదవడానికి బాగుంది. తప్పు వెంటనే కనిపించదు. ఇప్పుడు ఒక పని చేయండి, 1908 తీసేసి 1986 అని, మూసీ తీసేసి గోదావరి అని, హైదరాబాద్ బదులు భద్రాచలం అని పెట్టి మొదటి వాక్యం, మూడో వాక్యం మళ్ళీ చదవండి. నగరం అన్న మాట, చనిపోయినవాళ్ళ లెక్క మార్చుకుంటే రెండూ అలాగే నిలబడతాయి. ప్రపంచంలో ఏ వరదైనా విషాద ఘట్టమే, ప్రాణనష్టం జరిగిన ప్రతిచోటా ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక జీవనం మీద ప్రభావం పడుతుంది. అంటే రాసినవాళ్ళు మూసీ గురించి ఇంకా ఏమీ చెప్పలేదన్నమాట. ఇలా పేర్లు మార్చినా చెక్కుచెదరని వాక్యాల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ వెళ్ళండి. నాలుగు పేజీల ఎస్సేలో మూడు పేజీలకు గీతలు పడ్డాయంటే అది గట్టిగా అనుమానించాల్సిన ఎస్సే.

రెండో వాక్యం అంతకంటే ముఖ్యం, దాని దగ్గర కాసేపు ఆగాలి. డ్రైనేజీ, ప్రణాళిక లేని పట్టణీకరణ... ఇవి ఎక్కడివి? 2020 అక్టోబర్‌లో మన కాలనీలు మునిగినప్పుడు పేపర్లలో, టీవీల్లో రోజూ విన్న కారణాలు. ఏఐకి హైదరాబాద్, వరద అనే రెండు మాటలు కలిపి ఇస్తే అది ఎక్కువసార్లు చదివింది ఈ మధ్యవాటి గురించే కాబట్టి, ఆ కారణాలనే తీసుకెళ్ళి 1908లో పెట్టేస్తుంది. అప్పుడు జరిగింది వేరు. వాన విపరీతంగా పడింది ఎగువన, శంషాబాద్ వైపు. మూసీ పరీవాహకంలో చిన్నా పెద్దా చెరువులు వందల్లో ఉండేవి, వాటిలో 200కు పైగా తెగిపోయాయి, పై చెరువు నీళ్ళు కింద చెరువు మీద పడి అదీ తెగి, అలా వరసగా. 1908 సెప్టెంబర్ 28, సోమవారం నాడు ఆ నీళ్ళన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. ఊళ్ళో కాలువలు ఎంత బాగున్నా ఆపగలిగిన ప్రవాహం కాదది. విశ్వేశ్వరయ్య ఊరికి ఎగువన రిజర్వాయర్లు కట్టమనడానికి కారణం కూడా ఇదే, వరదను నగరం చేరకముందే పట్టి నిలపాలని. కారణం డ్రైనేజీ అయితే పరిష్కారం ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట, ఎందుకవుతుంది? ఎస్సేలో చెప్పిన కారణానికీ అందులోనే చెప్పిన పరిష్కారానికీ పొంతన లేదు, రాసినవాళ్ళకి ఆ తేడా కనపడలేదు. కారణాలు ఒక గుంపుగా, పరిణామాలు ఇంకో గుంపుగా వచ్చి, మధ్యలో లింకు లేకపోవడం ఇలాంటి ఎస్సేల్లో నేను మళ్ళీ మళ్ళీ చూస్తున్న గుణం.

ఇక నాలుగో వాక్యం. వరద వచ్చినప్పుడు నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాదు, ఆయన తండ్రి మీర్ మహబూబ్ అలీ ఖాన్, ఆరో నిజాం. ఆయన 1911 ఆగస్టులో చనిపోయాకే ఏడో నిజాం గద్దెనెక్కారు. విశ్వేశ్వరయ్య హైదరాబాద్ వచ్చింది 1909లో, అంటే వరద తర్వాతి సంవత్సరం. ఉస్మాన్ సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్ సాగర్ 1927లో. "వెంటనే" అన్న ఒక్క మాటలో ఇద్దరు నిజాంలు, దాదాపు ఇరవై ఏళ్ళు కొట్టుకుపోయాయి. రిజర్వాయర్ల పేర్లు చూసి ఏడో నిజాం అనేసుకోవడం పిల్లలూ చేసే పొరపాటే, కొన్ని గైడ్లలో కూడా ఉంది. కాబట్టి ఈ తప్పు ఒక్కటే పట్టుకుని ఏఐ అనకండి. నేను చూడమనేది ఆ తప్పు ఏ గొంతుతో వచ్చిందన్నది.

గొంతు అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే చాలామంది లెక్చరర్లు జనరల్‌గా ఉన్న వాక్యాలను పట్టుకుంటారు గానీ దీన్ని వదిలేస్తారు. చరిత్రలో మనకి గట్టిగా తెలిసినవి కొన్ని, అటూ ఇటూగా తెలిసినవి కొన్ని, జనం చెప్పుకునేవి కొన్ని ఉంటాయి. 1908 వరద తేదీ గట్టిగా తెలుసు. చనిపోయినవాళ్ళు ఎంతమంది అంటే ఎక్కువగా వినపడే లెక్క 15,000, కానీ అది అంచనా, వేరేచోట వేరే అంకెలు కనిపిస్తాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. మహబూబ్ అలీ ఖాన్ మూసీ ఒడ్డుకు వచ్చి హారతి ఇచ్చాడన్నది జనం నోట తరతరాలుగా నిలిచిన మాట. ఈ నాలుగు విషయాలనూ చరిత్ర కాస్త చదివిన మనిషి నాలుగు రకాలుగా రాస్తాడు. ఒకచోట తేదీ వేసి ముందుకెళ్తాడు, ఒకచోట "అంటారు" అంటాడు, ఒకచోట "అంచనా" అంటాడు. ఏఐతో రాయించిన ఎస్సేలో నాలుగూ ఒకే స్థాయిలో ఉంటాయి. తెలిసిన చోటా అదే ధీమా, తెలియని చోటా అదే ధీమా, తప్పు చెప్పిన చోట కూడా అదే. పైగా ఎక్కడ మనం ధైర్యంగా ఒక పేరు, ఒక తేదీ రాస్తామో సరిగ్గా అక్కడ అది "వివిధ పాలకులు", "తదనంతర కాలంలో" అని జారుకుంటుంది. ఎక్కడ ఆచితూచి మాట్లాడాలో అక్కడ "నిస్సందేహంగా" అంటుంది.

పిల్లల ధీమా ఇలా సమానంగా ఉండదు. క్లాసులో మీరు గట్టిగా చెప్పినవాటి మీద వాళ్ళకి కొండంత నమ్మకం, మిగతాచోట్ల తడబాటు. అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చే అబ్బాయి ఆ చింతచెట్టు మీదే అరపేజీ రాసి, వరద తర్వాత ఊరిని బాగుచేయడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుని ఒక్క లైన్లో దాటేస్తాడు. ఒక అమ్మాయి వంతెనల దగ్గరే ఆగిపోయి, అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన కొట్టుకుపోయాక రెండు ఒడ్డులకూ పురానాపూల్ ఒక్కటే దిక్కయిందని రాసి, ఆపైన నిజాం పేరు తప్పు రాసింది. ఆ ఎస్సే ఆ అమ్మాయిదే అని నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. తనకి ఆసక్తి ఉన్నచోట లోతు, లేనిచోట పలుచన, అది మనిషి రాతలో సహజంగా కనిపించే ఎగుడుదిగుడు.

ఇక్కడొక జాగ్రత్త. జనరల్ వాక్యాలన్నీ ఏఐవి కావు. "ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక" అనే వరసను మన పిల్లలకు ముందుగా నేర్పింది గైడ్లు, కోచింగ్ సెంటర్ మెటీరియల్, నిజం చెప్పాలంటే మన నోట్సులు కూడా. గైడ్ చూసి రాసిన ఎస్సేకీ దీనికీ తేడా తెలుసుకోవాలంటే రెండు చూస్తాను నేను. గైడ్ నుంచి వచ్చింది అయితే నలుగురైదుగురి పేపర్లలో అవే వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి, అందులో ఏదో ఒక అచ్చుతప్పు కూడా అందరికీ ఒకేలా దిగుతుంది. ఏఐ నుంచి వచ్చినవాటిలో వాక్యాలు కలవవు, కానీ నడక కలుస్తుంది: అదే క్రమంలో నేపథ్యం, కారణాలు, ప్రభావం, చర్యలు, ముగింపు, ప్రతి పేరా దాదాపు ఒకే పొడవు, ప్రతి పేరా చివర ఒక బరువైన వాక్యం. పది మంది విడివిడిగా రాసినా ఒకే అస్థిపంజరం ఉంటుంది. మీ దగ్గరున్నవాటిని పక్కపక్కన పరిచి పేరాల మొదటి వాక్యాలు మాత్రమే చదవండి, చాలా త్వరగా తెలిసిపోతుంది.

చేత్తో రాసిమ్మంటే సరిపోతుంది అని స్టాఫ్‌రూమ్‌లో అంటూ ఉంటారు. సరిపోదు, ఫోన్ పక్కన పెట్టుకుని చూసి దించేస్తారు. కానీ చేత్తో రాసినదాంట్లో కొట్టివేతలు చూడండి. సొంతంగా రాసేవాళ్ళు సగం వాక్యం రాసి ఆలోచన మారి కొట్టేసి వేరేలా మొదలుపెడతారు, బాణం గుర్తుతో పక్కన ఇంకో మాట ఇరికిస్తారు. చూసి రాసేవాళ్ళ కొట్టివేతలు వేరే రకం: ఒక లైన్ దాటేసి కింది లైన్లోకి వెళ్ళిపోయి, గుర్తొచ్చి కొట్టేయడం, ఒకే ముక్క రెండుసార్లు రావడం. ఇది చూసి రాశారని మాత్రమే చెబుతుంది, దేన్ని చూసి రాశారో చెప్పదు. టైప్ చేయించుకుంటే మాత్రం గూగుల్ డాక్స్‌లోనే రాయమని ముందే చెప్పి, తర్వాత Version history తెరిచి చూడండి. సొంత రాత గంటలపాటు ముక్కలు ముక్కలుగా పెరిగినట్టు కనిపిస్తుంది, అతికించింది ఒకేసారి మొత్తం దిగిపోతుంది. నోట్స్‌లో వేరేగా రాసుకుని తర్వాత అతికించే పిల్లలూ ఉంటారు కాబట్టి అదీ అడగాల్సిన ప్రశ్నే, తీర్పు కాదు.

ఇంకో విషయం, ఇది ఇప్పుడిప్పుడే ఎక్కువవుతోంది. ఇంటర్నెట్‌లో వెతికి రాసే ఏఐలు వచ్చాక వివరాలు లేకపోవడం అన్న గుర్తు కొంత బలహీనపడింది. తేదీలు, అంగుళాల్లో వర్షపాతం, వంతెనల పేర్లు అన్నీ వచ్చేస్తున్నాయి. అప్పుడు వివరం ఉందా లేదా అని కాకుండా, ఆ వివరం ఎస్సేలో ఏ పనైనా చేస్తోందా అని చూడాలి. 200కు పైగా చెరువులు తెగాయని ఒక పేరాలో రాసి, తర్వాతి పేరాలో మళ్ళీ డ్రైనేజీయే ప్రధాన కారణం అంటే, ఆ అంకెను రాసిన మనసు అర్థం చేసుకోలేదు. దాన్ని తీసేసినా ఎస్సేకి ఏ లోటూ రాదు. సొంతంగా చదివిన విద్యార్థి అంత పెద్ద సంగతి తెలిశాక దాన్ని వదలడు, అందుకే రిజర్వాయర్లు ఎగువన కట్టారు అని తనకి తోచినట్టు కలుపుతాడు, వాక్యం వంకరగా ఉన్నా సరే.

ఆధారాలు ఇచ్చారంటే తప్పకుండా తీసి చూడండి. పుస్తకం పేరు, రచయిత, పేజీ నంబరు అన్నీ పక్కాగా ఉండి అసలు అలాంటి పుస్తకమే లేకపోవడం ఒక రకం. అది సులువుగా దొరికిపోతుంది. రెండో రకం కాస్త కష్టం: పుస్తకం నిజమే, అందులో ఉందని చెప్పిన మాట మాత్రం ఉండదు. విశ్వేశ్వరయ్య తన ఉద్యోగ జీవితం గురించి రాసుకున్న జ్ఞాపకాల్లో హైదరాబాద్ పని గురించి నిజంగానే ఉంది, కాబట్టి ఆ పేరు చూడగానే మనం నమ్మేస్తాం. ఆ పేజీ తిప్పి చూడాలి. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉన్న ఊళ్ళో మనం ఉన్నాం, ఒక మధ్యాహ్నం పెట్టుకుంటే అనుమానం ఉన్న రెండు మూడు ఆధారాలు తేల్చుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా మీ చేతిలో ఉండేది బలమైన అనుమానమే. దాన్ని తేల్చేది పది నిమిషాల మాట. పిల్లల్ని ఒక్కొక్కరిగా పిలవండి, మొత్తం క్లాసు ముందు వద్దు. "ఏఐ వాడావా?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు లేదనే జవాబు తప్ప ఇంకోటి రాదు, ఆపైన ఇద్దరికీ టెన్షన్. ఎస్సే వాళ్ళ చేతికిచ్చి అందులోవే అడగండి. వాన ఊళ్ళో పడిందా, ఎగువన పడిందా? వరద నాడు నిజాం ఎవరు, గండిపేట పూర్తయ్యేనాటికి ఎవరు? ఇక్కడ నిస్సందేహంగా అన్నావు కదమ్మా, సందేహం లేదని నీకెలా తెలిసింది, ఎక్కడ చదివావు? రాసిన పిల్లలు తప్పు చెప్పినా ఆ తప్పుకి ఒక దారి ఉంటుంది, "గైడ్‌లో అలా ఉంది సర్" అని గైడ్ తీసి చూపిస్తారు, "నేను రిజర్వాయర్ పేరు చూసి ఆయనే అనుకున్నా" అంటారు. రాయించుకున్న పిల్లలు తమ వాక్యాన్నే మొదటిసారి చదువుతున్నట్టు చదువుతారు. భయస్తులు కూడా నీళ్ళు నమలొచ్చు, అందుకని ఒకటి రెండు తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టండి, కావాలంటే ఒక కాగితం ఇచ్చి మూసీ గీసి శంషాబాద్, గండిపేట, పాతబస్తీ ఎటువైపో పెట్టమనండి. మాటల్లో తడబడేవాళ్ళు కూడా బొమ్మలో చూపించేస్తారు.

మార్కుల దగ్గర మాత్రం ఏఐ అన్న మాటే ఎత్తనక్కర్లేదు. నిజాం తప్పు, కారణం తప్పు, కాలక్రమం తప్పు, ఆధారం దొరకలేదు, ఈ నాలుగింటికీ మార్కులు తీసేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరు రాసినా తప్పు తప్పే. మార్జిన్‌లో "ఇది ఏ వరదకైనా వర్తిస్తుంది, మూసీ గురించి చెప్పు" అని రాయండి. రుజువు లేకుండా కాపీ కేసు పెడితే మాత్రం ప్రిన్సిపాల్ దగ్గర మీరే ఇరుక్కుంటారు, అమాయకులెవరైనా అందులో పడితే వాళ్ళకి చరిత్ర మీద ఉన్న కాస్త ఇష్టం కూడా పోతుంది.

వచ్చే టర్మ్‌కి ప్రశ్న మార్చండి. "మూసీ వరదల కారణాలు, ప్రభావాలు" అని అడిగితే గైడ్ రాసినా ఏఐ రాసినా పిల్లలు రాసినా ఒకేలా వస్తుంది, ఎందుకంటే ప్రశ్నే అలాంటిది. ఆనాటి పేపర్ కథనం ఒకటో, విశ్వేశ్వరయ్య రాసిన పేజీ ఒకటో జిరాక్స్ తీసి ఇచ్చి, ఇందులో చెప్పినదానికీ మన టెక్స్ట్‌బుక్‌లో ఉన్నదానికీ ఎక్కడ తేడా ఉంది, నువ్వు దేన్ని నమ్ముతావు, ఎందుకు అని రెండు పేజీలు క్లాసులోనే రాయించండి. ఆ రెండు పేజీలు ఫైల్‌లో దాచుకుంటే, ఆ పిల్లలు ఎక్కడ గట్టిగా మాట్లాడతారో ఎక్కడ తడబడతారో మీ దగ్గర నమూనా ఉంటుంది, ఇంటి దగ్గర రాసుకొచ్చిన తర్వాతి ఎస్సేని దాని పక్కన పెట్టి చదవొచ్చు.